ఒకటే పెళ్లి వీడియో, అయిదు తెరలు: ఏ ఫైల్ ఎక్కడికి ఇవ్వాలి?

పెళ్లయిన వారం నుంచే ఫోన్లు మొదలవుతాయి. పెళ్లికూతురికి రీల్ కావాలి, అమెరికాలో ఉన్న అన్నయ్యకి యూట్యూబ్ లింక్ కావాలి, మామగారికి టీవీలో పెట్టుకునే పెన్‌డ్రైవ్ కావాలి, చుట్టాల వాట్సాప్ గ్రూపుకి "చిన్న బిట్" కావాలి, ఈలోపు రిసెప్షన్ ఉంటే ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ వాల్ మీద వేయడానికి ఇంకో ఫైల్. ఎడిటింగ్‌కి పది రోజులు పట్టినా టెన్షన్ పెట్టేది మాత్రం ఆఖర్న ఎక్స్‌పోర్ట్ విండో ముందు కూర్చునే ఆ పది నిమిషాలే. H.264 పెట్టాలా H.265 పెట్టాలా, 25 ఉంచాలా 30 చేయాలా, బిట్‌రేట్ గడిలో ఎంత కొట్టాలి అని.

చాలామంది చేసేది ఒక్కటే: ఒక మంచి 4కే ఫైల్ తీసి అందరికీ అదే పంపడం. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. అది యూట్యూబ్‌లో బాగుంటుంది, మిగతా నాలుగు చోట్లా ఏదో ఒక తేడా చేస్తుంది. ఎందుకు చేస్తుందో, ఎక్కడికి ఏది ఇస్తే సరిపోతుందో ఒక మామూలు ఉదాహరణ పట్టుకుని చెబుతాను. అయిదు నిమిషాల హైలైట్స్ వీడియో, కెమెరాలో 4కే 25 ఫ్రేములతో తీసింది, మధ్యలో చుట్టాలు ఫోన్‌తో తీసిన క్లిప్పులు రెండు మూడు. మన దగ్గర ఎక్కువ పెళ్లిళ్ల పని ఇలాగే ఉంటుంది కాబట్టి ఇదే తీసుకున్నాను.

కోడెక్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: మీరిచ్చిన ఫైల్‌ని మీ తర్వాత ఇంకెవరైనా నలుపుతారా? యూట్యూబ్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ మీ ఫైల్‌ని ఉన్నదున్నట్టు చూపించవు, వాటి లెక్కలో మళ్లీ కంప్రెస్ చేసుకుంటాయి. టీవీ, ఎల్ఈడీ వాల్ అలా కాదు, మీరేం ఇస్తే అదే ప్లే చేస్తాయి, లేదా అస్సలు ప్లే చేయవు. అందుకే మొదటి రకానికి వీలైనంత నిండైన ఫైల్ ఇవ్వాలి, ఎలాగూ వాళ్లు కోస్తారు కాబట్టి కోసినా మిగిలేటట్టు. రెండో రకానికి నిండుతనం కంటే ఆ పెట్టెకి అరిగే ఫైల్ కావాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం సెట్టింగులు వాటంతట అవే తేలిపోతాయి.

రెండోది తెర ఆకారం. అడ్డమా, నిలువా, లేక ఎల్ఈడీ వాల్‌లా ఈ రెండూ కాని మూడో ఆకారమా.

మూడోది ఫ్రేమ్ రేట్. ఇందులో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఎందుకో కింద చెబుతాను.

నాలుగోది ఫైల్ సైజు. దీనికి అంచనాలు అక్కర్లేదు, చిన్న లెక్క ఉంది: బిట్‌రేట్‌ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. 40 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో అయిదు నిమిషాలంటే 40 × 300 ÷ 8, అంటే 1500 ఎంబీ, ఒకటిన్నర జీబీ. రెజల్యూషన్ ఎంతన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు చూడండి. "4కే కదా, అందుకే ఫైల్ పెద్దదైంది" అంటుంటారు గానీ సైజును తేల్చేది బిట్‌రేట్, నిడివి, అంతే. అదే బిట్‌రేట్‌లో 720 తీసినా ఫైల్ అంతే ఉంటుంది.

వివరాల్లోకి వెళ్లే ముందు, మన అయిదు నిమిషాల వీడియోకి నేను వాడే సెట్టింగులు ఇవి:

| ఎక్కడికి | ఫ్రేమ్ సైజు | కోడెక్ | బిట్‌రేట్ | ఫైల్ సుమారుగా |
|---|---|---|---|---|
| మాస్టర్ (మన దగ్గరే ఉండేది) | 3840×2160 | ప్రోరెస్ 422 | 490 ఎంబీపీఎస్ | 18.5 జీబీ |
| యూట్యూబ్ | 3840×2160 | H.264 | 45 ఎంబీపీఎస్ | 1.7 జీబీ |
| రీల్ (ఒక నిమిషం) | 1080×1920 | H.264 | 12 ఎంబీపీఎస్ | 90 ఎంబీ |
| వాట్సాప్ (ఒక నిమిషం) | 720×1280 | H.264 | 2 ఎంబీపీఎస్ | 15 ఎంబీ |
| టీవీ పెన్‌డ్రైవ్ | 1920×1080 | H.264, 8 బిట్ | 15 ఎంబీపీఎస్ | 560 ఎంబీ |
| ఎల్ఈడీ వాల్ | వాల్‌ని బట్టి | H.264, 8 బిట్ | 12 ఎంబీపీఎస్ | 450 ఎంబీ |

ఫ్రేమ్ రేట్ అన్నింటికీ 25. అందుకే దానికి వేరే గడి పెట్టలేదు.

మాస్టర్: తీయాలా, అక్కర్లేదా?

మాస్టర్ అంటే టైమ్‌లైన్ నుంచి ఒక్కసారి తీసి, మిగతా ఫైళ్లన్నీ దాని నుంచే తీసుకునే ఫైల్. మ్యాక్‌లో ప్రోరెస్, విండోస్‌లో అది రాకపోతే డీఎన్ఎక్స్‌హెచ్ఆర్. 18 జీబీ అంటే గుండె ఝల్లుమంటుంది, నిజమే. అయిదు నిమిషాల వీడియో కాబట్టి ఆ మాత్రం పెట్టచ్చు. మూడు గంటల ఫుల్ వీడియోకి ఇదే లెక్క వేస్తే 660 జీబీ దాటుతుంది, ఎవరూ పెట్టరు, పెట్టక్కర్లేదు కూడా. దానికి నేను H.265లో 10 బిట్, 60 ఎంబీపీఎస్ దాకా తీసి దాచుకుంటాను, మూడు గంటలకి 80 జీబీ చిల్లర అవుతుంది.

ఒక్క ఫైలే ఇవ్వాలంటే మాస్టర్ జోలికి వెళ్లకండి, నేరుగా టైమ్‌లైన్ నుంచి తీసేయండి. మూడు నాలుగు చోట్లకి ఇవ్వాలంటే మాత్రం తీసి తీరాలి. కలర్ గ్రేడ్, నాయిస్ రిడక్షన్ వేసిన టైమ్‌లైన్ నాలుగుసార్లు రెండర్ అవ్వాలంటే మామూలు లాప్‌టాప్ మీద రాత్రంతా పడుతుంది, మాస్టర్ నుంచి తీస్తే ఒక్కోటి నిమిషాల్లో అయిపోతుంది. చేయకూడని పని ఇంకొకటి ఉంది: యూట్యూబ్ కోసం తీసిన H.264 ఫైల్‌ని టైమ్‌లైన్‌లో వేసి దాని నుంచి రీల్ తీయడం. కంప్రెస్ అయినదాన్ని మళ్లీ కంప్రెస్ చేస్తున్నారు, దాన్ని ఇన్‌స్టా మూడోసారి చేస్తుంది. ముఖం మీద మైనం పూసినట్టు వస్తుంది.

ఫ్రేమ్ రేట్: తీసిందేదో అదే

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. హాల్లో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ లైట్లు ఆ లెక్కలో మినుకుతాయి కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే ఫ్లికర్ రాదు. అందుకే 25. సరే, ఇన్‌స్టా సూచనల్లో 30 అని ఉంటుంది, ఫోన్ తెరలు ఎక్కువగా 60, 90, 120 హెర్ట్జ్, కాబట్టి రీల్ 30లో తీద్దాం అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తింటాం.

25 ఉన్నదాన్ని 30 చేయాలంటే సెకనుకి అయిదు ఫ్రేములు ఎక్కడి నుంచో రావాలి. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తుంది. ఊరికే నిలబడి ఉన్న షాట్‌లో తెలియదు. గింబల్ మీద మండపం చుట్టూ తిరిగే షాట్‌లో సెకనుకి అయిదుసార్లు చిన్నగా తడబడుతున్నట్టు కనిపిస్తుంది. ఫ్రేమ్ బ్లెండింగ్ ఆన్ చేస్తే తడబాటు పోయి నీడలు వస్తాయి. ఆప్టికల్ ఫ్లో పెడితే గాల్లో ఉన్న తలంబ్రాలు, వేళ్లు సాగిపోయి జిగురులా అవుతాయి.

మీ ఫైల్‌లో ఇలా జరిగిందేమో చూడాలంటే కదిలే షాట్ ఒకటి పట్టుకుని యారో కీతో ఒక్కో ఫ్రేమ్ జరపండి. ప్రతి నొక్కుకీ బొమ్మ కదలాలి. ఆరింటికి ఒకసారి కదలకుండా ఆగితే ఎక్కడో 25 కాస్తా 30 అయిపోయిందన్నమాట.

50 ఫ్రేముల్లో తీసిన స్లో మోషన్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఆ షాట్‌ని 25 టైమ్‌లైన్‌లో సగం వేగానికి పెట్టారు, అంతటితో దాని పని అయిపోయింది. మొత్తం వీడియోని 50లో ఎక్స్‌పోర్ట్ చేస్తే మిగతా షాట్లలో ప్రతి ఫ్రేమూ రెండేసిసార్లు వస్తుంది, బిట్‌రేట్ దండగ.

ఇక ఫోన్ క్లిప్పులు. ఫోన్లు ఎక్కువగా 30లో తీస్తాయి, అదీ ఖచ్చితంగా 30 కాదు, వెలుతురును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పొడుగు క్లిప్ అయితే చివరికొచ్చేసరికి డోలు దెబ్బ ఒకచోట, చప్పుడు ఇంకోచోట పడుతుంది. వాటిని ముందే స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చి టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. మొత్తం ఫోన్‌తోనే తీసిన రీల్ అయితే కథ వేరు, దానికి విడిగా 30 టైమ్‌లైన్ పెట్టుకుని 30లోనే ఇవ్వండి.

యూట్యూబ్: పెద్దదే ఇవ్వండి

యూట్యూబ్ వాళ్ల సూచనల ప్రకారం 24 నుంచి 30 ఫ్రేముల మామూలు వీడియోకి 1080లో 8 ఎంబీపీఎస్, 4కేలో 35 నుంచి 45. అంతకంటే ఎక్కువిచ్చినా తీసుకుంటుంది. MP4, H.264, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్ పెడితే చాలు.

1080 ఇవ్వాలా 4కే ఇవ్వాలా అన్నదే ఇక్కడ అసలు ఎంపిక. చూసేవాళ్లంతా ఫోన్లో చూస్తారు కదా, 1080 చాలు అనుకుంటాం. కానీ చిన్న ఛానెళ్ల 1080 వీడియోలకి యూట్యూబ్ ఎక్కువగా పాత కోడెక్‌నే వాడుతుంది, 1440, 4కే ఫైళ్లకి వీపీ9 వాడుతుంది. 4కే ఎక్కిస్తే 1080లో చూసేవాళ్లకి కూడా ఆ మంచి కోడెక్‌లోనే అందుతుంది. రాత్రి బారాత్‌లో పటాకుల పొగ, సీరియల్ లైట్లు ఉన్న షాట్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్లో వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి `Stats for nerds` తెరిస్తే `Codecs` వరసలో `avc1` అనో `vp09` అనో `av01` అనో కనిపిస్తుంది. మొదటిది పాతది. అందుకే 1080లో తీసిన పెళ్లి అయినా సరే నేను 1440కి పెంచి ఎక్కిస్తాను. కొత్త వివరం ఏదీ పుట్టుకురాదు, ఉన్నది తక్కువ పోతుంది.

నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి H.265 ఇక్కడ పనికొస్తుంది. యూట్యూబ్ దాన్నీ తీసుకుంటుంది, దాదాపు అదే నాణ్యత 25 ఎంబీపీఎస్‌లో వస్తుంది కాబట్టి 1.7 జీబీ కాస్తా 1 జీబీ లోపుకి దిగుతుంది. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న చోట 22 నిమిషాలు పట్టేది 13 నిమిషాల్లో అవుతుంది. ఫైబర్ ఉంటే ఈ గొడవే వద్దు, H.264 పెట్టేయండి.

ఒక జాగ్రత్త: అప్‌లోడ్ అవగానే లింక్ పంపేయకండి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ సిద్ధం చేస్తుంది, 4కే తయారవడానికి ఇంకా సేపు పడుతుంది. లింక్ అందగానే తెరిచిన అన్నయ్యకి 360లో మసకమసకగా కనిపిస్తుంది. "ఏంటి తమ్ముడూ, ఇంత డబ్బు పోసి ఇదా" అని మెసేజ్ వస్తుంది, మీరేం చెప్పినా తర్వాత వినడు.

రీల్: ఇక్కడ కోడెక్ గొడవ కాదు, ఆకారం గొడవ

ఇన్‌స్టాకి 1080×1920 ఇవ్వండి. 4కే నిలువు ఫైల్ ఇచ్చినా అది తగ్గించుకుంటుంది, ఆ తగ్గించేదేదో మన సాఫ్ట్‌వేర్‌తోనే చేసుకుంటే శుభ్రంగా ఉంటుంది. 10 నుంచి 15 ఎంబీపీఎస్ మధ్య ఎంతైనా ఫరవాలేదు. అప్‌లోడ్ చేసే ఫోన్లో ఇన్‌స్టా సెట్టింగుల్లోకి వెళ్లి `Upload at highest quality` ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆఫ్‌లో ఉంటే మీరెంత మంచి ఫైల్ ఇచ్చినా ఉపయోగం లేదు. ఫైల్‌ని ఫోన్‌కి పంపేది వాట్సాప్‌లో వీడియోగా అయితే అక్కడే సగం చచ్చిపోతుంది. డ్రైవ్ లింక్ పెట్టండి, లేదా కేబుల్‌తో ఎక్కించండి.

అడ్డంగా తీసినదాన్ని నిలువు చేయడం దగ్గరే ఎక్కువ పని. లెక్క చూడండి: 1080 అడ్డం ఫ్రేమ్ నుంచి నిలువు ముక్క కోస్తే వెడల్పు 608 పిక్సెళ్లే మిగులుతాయి, దాన్ని 1080కి సాగదీయాలి, మెత్తబడిపోతుంది. 4కే నుంచి కోస్తే 1215 వస్తుంది, సాగదీసే పనే లేదు. పెళ్లి 4కేలో తీయడానికి నాకు తెలిసి అసలు కారణం రీలే.

ఇక ఏం కోస్తారన్నది. జీలకర్ర బెల్లం షాట్ తీసుకోండి. ఎడమ పక్క పెళ్లికూతురు, కుడి పక్క పెళ్లికొడుకు, మధ్యలో తెరసెల్ల. సాఫ్ట్‌వేర్‌లో సెంటర్ క్రాప్ కొట్టి ఊరుకుంటే తెరలో కనిపించేది తెరసెల్ల ఒక్కటే, పక్క నుంచి పంతులుగారి చెయ్యి. నవ్వొస్తుంది గానీ అలా పోస్ట్ అయిన రీల్స్ నేను చూశాను. ఆటో రీఫ్రేమ్ ఇలాంటి షాట్లో ఎవరి మొహాన్ని పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ ఊగుతుంది. నేను చేసేది ఏంటంటే ఇలాంటి షాట్లలో తెరని పైకీ కిందకీ రెండుగా చీల్చి పైన అమ్మాయిని, కింద అబ్బాయిని పెడతాను. ఒక్కో సగం 1080×960, దాదాపు చతురస్రం. తెరసెల్ల దించే క్షణంలో ఇద్దరి కళ్లూ ఒకేసారి కనిపిస్తాయి, నిజం చెప్పాలంటే అడ్డం వీడియో కంటే ఇదే బాగుంటుంది. చీల్చడం కుదరని గ్రూప్ షాట్లు ఉంటాయి, వాటిని మొహమాటం లేకుండా రీల్ నుంచి తీసేయండి. పైనా కిందా బ్లర్ పెట్టి మధ్యలో చిన్నగా అడ్డం వీడియో పెట్టడం నాకు నచ్చదు, అయినా ఇంటి పెద్దలందరూ ఉన్న షాట్ తప్పనిసరిగా ఉండాలని క్లయింట్ పట్టుబడితే అదొక్కటే దారి.

పేర్లు, తేదీ వేసేటప్పుడు పైన ఓ 250 పిక్సెళ్లు, కింద మూడో వంతు వదిలేయండి. కింద అకౌంట్ పేరు, క్యాప్షన్, పాట పేరు వచ్చి మీ అక్షరాల మీద కూర్చుంటాయి. ప్రొఫైల్ గ్రిడ్ ఇప్పుడు 3:4లో ఉంది, అంటే కవర్‌లో పైన 240, కింద 240 పిక్సెళ్లు తెగిపోతాయి. అక్షరాలు ఆ మధ్య భాగంలో ఉంటే రెండు చోట్లా బతుకుతాయి.

వాట్సాప్: మూడు దారులు, మూడూ పూర్తిగా సరిపోవు

వీడియోగా పంపితే అది కంప్రెస్ చేస్తుంది. హెచ్‌డీ నొక్కితే కొంచెం నయం, అయినా కంప్రెస్ చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది, కానీ గ్రూపులో అది వీడియోలా కాకుండా ఫైల్‌లా కనిపిస్తుంది, డౌన్‌లోడ్ చేసుకుని తెరవాలి. పెద్దమ్మలు తెరవరు. మూడోది యూట్యూబ్ లింక్.

గ్రూపులో నొక్కగానే ఆడాలంటే నిమిషం బిట్ ఒకటి తీసి 16 ఎంబీ లోపు ఉంచండి. 16 × 8 ÷ 60 అంటే 2.1 ఎంబీపీఎస్, అందులో ఆడియోకి 128 కేబీపీఎస్ పోను వీడియోకి దాదాపు 2 మిగులుతుంది. 720 సైజులో ఇది చూడదగ్గట్టు ఉంటుంది. ఇదే 16 ఎంబీలో అయిదు నిమిషాల వీడియో మొత్తం కుక్కాలంటే 0.4 ఎంబీపీఎస్, చూడలేరు. కాబట్టి నిమిషం బిట్, దాని కింద లింక్. నేనైతే ఇంకేదీ పెట్టను.

ఇంత తక్కువ బిట్‌రేట్‌లో ఏ షాట్ పెడుతున్నారన్నది ముఖ్యం. కోడెక్ బతికేది ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఎంత అన్న లెక్క మీద. అమ్మాయి మొహం క్లోజప్ అయితే తేడా తక్కువ, హాయిగా పడుతుంది. తలంబ్రాలు పోసే షాట్లో వందల గింజలు ఒక్కోటి ఒక్కో దారిలో ఎగురుతుంటాయి, ప్రతి ఫ్రేమూ కొత్తదే, 2 ఎంబీపీఎస్ ఏ మూలకీ చాలదు, తెరంతా గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. ఎర్ర చీర కూడా ఇబ్బందే, ఎందుకంటే ఈ ఫైళ్లలో రంగు వివరం నిలువునా అడ్డంగా సగానికి తగ్గించి దాస్తారు, ముదురు ఎరుపు అంచుల దగ్గర అది ముందుగా బయటపడుతుంది. అందుకని మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసే ముందు తలంబ్రాల దగ్గర పది సెకన్లు మాత్రం తీసి ఫోన్లో చూడండి. అది బాగుంటే మిగతాదంతా బాగున్నట్టే. ఇక్కడ మాత్రం గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడింగ్ ఆపి, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌లో VBR 2 పాస్ పెట్టండి. 45 ఎంబీపీఎస్ దగ్గర ఆ తేడా తెలియదు గానీ 2 దగ్గర బాగా తెలుస్తుంది.

టీవీ పెన్‌డ్రైవ్: నాణ్యత కంటే ప్లే అవ్వడం ముఖ్యం

ఒకసారి ఫుల్ వీడియో పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చిన రాత్రి ఫోన్ వచ్చింది. "బాబూ, మంత్రాలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావట్లేదు." నాకు వెంటనే అర్థం కాలేదు, ఇంట్లో లాప్‌టాప్‌లో బానే ఆడుతోంది. ఎక్స్‌పోర్ట్‌లో ప్రొఫైల్ దగ్గర పొరపాటున High 10 పెట్టాను. H.264లో 10 బిట్ ఫైల్‌ని లాప్‌టాప్ ప్రాసెసర్ ఈడ్చుకొస్తుంది గానీ టీవీ చిప్పులకి అది పడదు, చప్పుడు మాత్రం వస్తుంది. మీడియాఇన్ఫోలో ఫైల్ తెరిస్తే `Format profile` వరసలో `High@L4.1` లాంటిది, `Bit depth` దగ్గర `8 bits` ఉండాలి. `High 10` అని గానీ `High 4:2:2` అని గానీ ఉంటే ఇవ్వకండి.

H.265 ఇవ్వచ్చా అంటే, 4కే టీవీ అని మీరు కళ్లతో చూసి ఉంటే ఇవ్వచ్చు, వాటిల్లో 10 బిట్ కూడా ఆడుతుంది. హాల్లో ఏ టీవీ ఉందో తెలియదు, ఆ పెన్‌డ్రైవ్ రేపు మేనత్తగారి ఊళ్లో పాత 32 అంగుళాల టీవీకి కూడా గుచ్చుతారు అంటే 1080, H.264, 8 బిట్. నేను నూటికి తొంభైసార్లు ఇదే ఇస్తాను. మాస్టర్ నుంచి ffmpeg అనే కమాండ్ లైన్ టూల్‌తో ఇలా తీసుకోవచ్చు:

```
ffmpeg -i master.mov -vf "scale=1920:1080,format=yuv420p" \
 -c:v libx264 -profile:v high -level 4.1 -preset slow \
 -b:v 15M -maxrate 20M -bufsize 20M \
 -c:a aac -b:a 256k -ar 48000 tv.mp4
```

ఇందులో `format=yuv420p` అన్నదే 8 బిట్‌కి దింపేది. ఫ్రేమ్ రేట్ గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి 25 అలాగే ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లో ఇంకో చిక్కు ఫార్మాట్. FAT32 అయితే అన్ని టీవీలూ చదువుతాయి, కానీ ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. exFATకి ఆ హద్దు లేదు, పాత టీవీలు కొన్ని దాన్ని గుర్తుపట్టవు. అయిదు నిమిషాల హైలైట్స్‌కి ఇది సమస్యే కాదు. మూడు గంటల ఫుల్ వీడియో 10 ఎంబీపీఎస్‌లో తీస్తే 13 జీబీ పైన అవుతుంది. 10 ఎంబీపీఎస్‌లో 4 జీబీకి 55 నిమిషాల దాకా పడుతుంది, అందుకని 45, 50 నిమిషాల ముక్కలు చేసి `01_Snatakam`, `02_Pelli`, `03_Appaginthalu` అని పేర్లు పెట్టి FAT32లోనే ఇస్తాను. పెద్దవాళ్లకి ఇది ఇంకా సుఖం, అప్పగింతలు మళ్లీ చూడాలంటే రెండు గంటలు జరపక్కర్లేదు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడానికి కారణం, తెలుగు పేర్లు కొన్ని టీవీల్లో డబ్బాలుగా కనిపిస్తాయి.

ఎల్ఈడీ వాల్: ఫైల్ తీసే ముందు ఒక ఫోన్ చేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అదీ వంద మంది ముందు. మన హాళ్లలో ఎక్కువగా కనిపించే రెండడుగుల పీ3 ప్యానెల్ తీసుకుందాం. దాని కొలత 576 మిల్లీమీటర్లు, ప్రతి 3 మిల్లీమీటర్లకి ఒక పిక్సెల్, అంటే 192×192. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వాల్ అంటే ఆరు ప్యానెళ్లు అడ్డంగా, నాలుగు నిలువుగా. మొత్తం 1152×768. అంత పెద్ద వాల్‌లో ఉన్నది అంతే. 4కే ఫైల్ పట్టుకెళ్లి ఏం లాభం లేదు, అందులో పదో వంతు పిక్సెళ్లే వాడుకుంటుంది.

ఆకారం చూడండి, అది 16:9 కాదు, 3:2. మామూలు ఫైల్ ఇస్తే ఆపరేటర్ తెర నిండా సాగదీస్తాడు, మొహాలు నిలువుగా 18 శాతం పొడుగవుతాయి. నేనొకసారి సౌండ్ మిక్సర్ పక్కన నిలబడి చూస్తుండగానే పెళ్లికొడుకు బాబాయిగారు వెనక్కి తిరిగి, "ఏమయ్యా, మావాడు ఇంత కోలగా ఎప్పుడున్నాడు?" అన్నారు. అప్పటికి పాట సగం అయిపోయింది, చేసేదేం లేదు.

ఇలాంటి వాల్‌కి రెండు దారులున్నాయి. పైనా కిందా 60 పిక్సెళ్ల చొప్పున నల్లగా వదిలేయడం ఒకటి. చీకటి హాల్లో అది కనిపించదు, కానీ ఆపరేటర్‌కి, హాల్ వాళ్లకి వాల్ నిండలేదని అసంతృప్తి. రెండోది పక్కల నుంచి 8 శాతం చొప్పున కోసి 1152×768కి నిండా తీయడం. హైలైట్స్‌కి నేను రెండోదే చేస్తాను, అంచుల్లో పేర్లు ఉంటే లోపలికి జరుపుకుంటాను.

ఆపరేటర్‌ని అడగాల్సింది రెండే మాటలు. వాల్ మొత్తం ఎన్ని పిక్సెళ్లు? సిగ్నల్‌ని వాల్‌కి సరిపడా స్కేల్ చేస్తారా, లేక పిక్సెల్‌కి పిక్సెల్ ఇస్తారా? పిక్సెల్‌కి పిక్సెల్ ఇచ్చేవాళ్లయితే లాప్‌టాప్ నుంచి వెళ్లే 1920×1080 బొమ్మలో ఎడమ పై మూల 1152×768 భాగమే వాల్ మీద పడుతుంది. ఫుల్ స్క్రీన్‌లో వీడియో వేస్తే అమ్మాయి తల ఒక మూల, మిగతాది మాయం. అలాంటప్పుడు 1920×1080 నల్ల ఫ్రేమ్‌లో ఎడమ పై మూలన మీ 1152×768 వీడియోని కూర్చోబెట్టి ఫైల్ తీయాలి. స్కేల్ చేసేవాళ్లయితే మీ 3:2 బొమ్మని 1920×1080 నిండా సాగదీసి ఇవ్వండి. లాప్‌టాప్‌లో మొహాలు వెడల్పుగా కనిపిస్తాయి, కంగారు పడకండి, వాల్ మీద స్కేలర్ నొక్కాక సరిగ్గా కూర్చుంటాయి. ఆపరేటర్‌కి ఈ సంగతులేవీ తెలియకపోతే గంట ముందు వెళ్లండి, గుండ్రటి బొమ్మ ఒకటి వేసి చూడండి. గుండ్రంగా కనిపించే దాకా మార్చుకోవడమే.